‘షేక్’ అని పిలిస్తే ఎవరు లేవాలి? ఒకటో తరగతిలో మొదటి రోజు పలకరింపు

ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. అప్పటికి మృగశిర కార్తె వచ్చి నాలుగైదు రోజులవుతుంది. చీరాల నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఉన్న పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో రైతులు దుక్కులు చేసుకుని వాన కోసం చూస్తుంటారు. పత్తి గింజ పెట్టాలన్నా, మిరప నారు పోయాలన్నా అందరి కళ్ళూ ఆకాశం మీదే. కూలికి పోయే అమ్మానాన్నలకు ఆ ఉదయం తీరిక ఉండదు. పిల్లాడికి స్నానం చేయించి, కొత్త చొక్కా తొడిగి, బడి గేటు దగ్గర దింపేసి గబగబా వెళ్ళిపోతారు.

ఆ పిల్లాడికి ఐదేళ్ళో ఆరేళ్ళో. నిన్నటిదాకా అంగన్‌వాడీకి వెళ్ళి ఉండొచ్చు, వెళ్ళకపోయీ ఉండొచ్చు. తెలియని గది, తెలియని మనిషి. కాసేపటికి టీచర్ రిజిస్టర్ తెరిచి “షేక్ అబ్దుల్ రహీమ్” అని పిలుస్తుంది. ఎవరూ పలకరు. మళ్ళీ పిలుస్తుంది. పిల్లాడు మూడో వరుసలోనే కూర్చుని ఉంటాడు, టీచర్ వంక చూస్తూనే ఉంటాడు. ఆ పేరు తనదేనని వాడికి తెలియదు. ఇంట్లో వాడు ‘మున్నా’. అమ్మ మున్నా అంటుంది, నానమ్మ మున్నా అంటుంది, బజారులో కిరాణా కొట్టాయన కూడా మున్నా అనే అంటాడు. అబ్దుల్ రహీమ్ ఆధార్ కార్డులో ఉన్నాడు, బడి రిజిస్టర్‌లో ఉన్నాడు. పిల్లాడి చెవిలో ఇంకా పడలేదు.

ఇక్కడ జరిగే పొరపాటు చాలా చిన్నది, కానీ చాలా దూరం పోతుంది. రెండుసార్లు పిలిచినా పలకని పిల్లాణ్ణి ఎవరో చూపిస్తారు. “ఏంరా, పేరు చెబితే పలకవా?” అని టీచర్ అంటుంది. కోపంతో అన్న మాట కూడా కాదు. కానీ తరగతి మొత్తం నవ్వుతుంది. తన పేరే తనకు తెలియని వాడిగా వాడి బడి జీవితం మొదలవుతుంది. మర్నాడు గేటు దగ్గర ఏడుపు. వారం తిరిగేసరికి ‘వాడు కొంచెం మందం’ అనే మాట స్టాఫ్ గదిలో స్థిరపడిపోతుంది.

మొదటి రోజు పలకరింపు అనగానే మనకు గుర్తొచ్చేది చాక్లెట్లు, బెలూన్లు, బోర్డు మీద రంగు సుద్దలతో రాసిన ‘స్వాగతం’. అవి ఉంటే మంచిదే. కానీ ఆరేళ్ళ పిల్లకు ఆ రోజు ముందుగా తెలియాల్సింది వేరే ఉంది. ఈ గదిలో నేనెవరో ఒకరికి తెలుసు అన్న సంగతి. అది పిల్లకు చేరేది రెండు దారుల్లో: తన పేరు, తన ఇంటి మాట. ఈ రెండింటినీ మొదటి రోజు ఎలా పట్టుకోవాలో ఒక తరగతిని ఊహించుకుని చూద్దాం.

ముందురోజు చేయాల్సిన పని

పర్చూరు వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనుకుందాం. ఒకటో తరగతిలో 20 మంది చేరారు. వాళ్ళలో ఐదుగురి పేరు ముందు ‘షేక్’ ఉంది, ఇద్దరి పేరులో ‘మస్తాన్’ ఉంది. మిగతా పిల్లల్లో సాయిలు ముగ్గురు, లక్ష్ములు ఇద్దరు. గుంటూరు, ప్రకాశం వైపు బళ్ళలో ఇలాంటి జాబితా కొత్తేమీ కాదు. మన రిజిస్టర్లలో ఇంటి పేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత. టీచర్ తొందరలో మొదటి మాట మాత్రమే పట్టుకుని ‘షేక్’ అని పిలిస్తే ఐదుగురు లేవాలి. ఎవరూ లేవరు కూడా, ఎందుకంటే ఇంట్లో ఏ పిల్లనీ ‘షేక్’ అని పిలవరు.

అందుకే పని బడి తెరిచే ముందురోజే మొదలవుతుంది. ఒక తెల్ల కాగితం మీద ఇరవై పేర్లూ రాసుకుని పక్కన రెండు గడులు ఖాళీగా ఉంచుకోవాలి. ఒకటి ‘ఇంట్లో ఏమని పిలుస్తారు’, రెండోది ‘ఇంట్లో ఏ మాట’. చేర్పించుకున్నప్పుడే అడిగి ఉంటే ఈ గడులు సగం నిండి ఉంటాయి. లేకపోతే మొదటి రోజు గేటు దగ్గర నింపుకోవచ్చు.

రెండో గడి విషయంలో ఊహ పనికిరాదు. పేరులో ‘షేక్’ ఉంది కాబట్టి ఇంట్లో ఉర్దూ మాట్లాడతారని అనుకోవడం ఈ ప్రాంతంలో తరచూ తప్పవుతుంది. నూర్‌బాషా కుటుంబాలనే తీసుకోండి. దూదేకుల అని కూడా అంటారు. పూర్వం పత్తిని ఏకి దూది చేయడం, పరుపులు కుట్టడం వాళ్ళ వృత్తి. పత్తి పండే నేలలో వాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళు ముస్లింలే, కానీ చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. ఆ ఇంటి పిల్లను “ఆవో బేటీ, బైఠో” అని పిలిస్తే ఆమె బిక్కమొహం వేస్తుంది. టీచర్ ప్రేమగానే అన్నది. కానీ ఆ పిల్లకు వినిపించింది ‘నువ్వు వేరే’ అనే మాట. అదే వీధిలో మరో ఇంట్లో అమ్మ, నానమ్మ దక్కనీ ఉర్దూ తప్ప మాట్లాడకపోవచ్చు. ఆ ఇంటి పిల్లాడికి ‘కూర్చో’ కంటే ‘బైఠో’ దగ్గర. రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది అడిగితేనే.

గేటు దగ్గర మూడు ప్రశ్నలు

మొదటి రోజు ఉదయం టీచర్ కుర్చీలో ఉండకూడదు. గంట కొట్టడానికి పావుగంట ముందే తరగతి గుమ్మం దగ్గరకో గేటు దగ్గరకో రావాలి. దింపడానికి వచ్చిన అమ్మనో నాన్ననో నానమ్మనో మూడే మూడు ప్రశ్నలు అడగాలి.

“అమ్మా, ఇంట్లో పాపని ఏమని పిలుస్తారు?”

“మీరు ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు, తెలుగా, ఉర్దూనా?”

“పొద్దున ఏమైనా తిన్నదా? దేనికైనా భయపడుతుందా?”

మూడో ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు. మొదటి రోజు ఏడ్చే పిల్లల్లో కొందరికి నిజంగా ఆకలి. హడావిడిలో ఏమీ తినకుండా వచ్చి ఉంటారు. మధ్యాహ్న భోజనం దాకా ఆగడం వాళ్ళ వల్ల కాదు. ఒక బిస్కెట్టుతో తీరే ఏడుపును బుజ్జగింపులతో ఆపాలని చూస్తే టీచర్ అలసిపోతుంది, పిల్ల ఇంకా ఏడుస్తుంది.

దింపడానికి వచ్చిన పెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి. పిల్ల చూడకుండా జారుకోవద్దు. చాలామంది ‘చూస్తే ఏడుస్తాడు’ అని వెనక నుంచి వెళ్ళిపోతారు. పిల్లాడు తిరిగి చూసేసరికి అమ్మ ఉండదు. ఇక ఆ రోజంతా వాడి చూపు తలుపు మీదే. మర్నాడు అమ్మ కొంగు అసలు వదలడు, వదిలితే మాయమవుతుందని వాడికి తెలిసిపోయింది కదా. చెప్పి వెళితే ఏడుస్తాడు, నిజమే, కానీ కాసేపే. చెప్పేటప్పుడు “నాలుగింటికి వస్తా” అంటే ఆ వయసులో అర్థం కాదు. “అన్నం తిన్నాక, ఆడుకున్నాక, పెద్ద గంట కొడతారు. అప్పుడు నేను ఇదే గేటు దగ్గర ఉంటా” అంటే అర్థమవుతుంది. చెప్పిన చోటే, చెప్పిన వేళకే రావాలి. రావడం కుదరని వాళ్ళు ఎవరు వస్తారో ముందే చెప్పాలి.

గుమ్మం దగ్గర ఇరవై సెకన్లు

ఇప్పుడు పలకరింపు. ఒక్కో పిల్లకు ఇరవై సెకన్లు చాలు. ఇరవై మందికి కలిపి ఏడు నిమిషాలు దాటదు.

మొదట టీచర్ వంగాలి, లేదా గొంతుక్కూర్చోవాలి. ఆరేళ్ళ పిల్ల ఎత్తు నుంచి చూస్తే నిలబడ్డ పెద్దవాళ్ళు చీర కుచ్చిళ్ళూ చేతి సంచీలుగానే కనిపిస్తారు. ముఖం ముఖానికి ఎదురుగా రావాలి. తర్వాత ఇంటి పేరుతో, అంటే ఇంట్లో పిలిచే పేరుతో పిలవాలి. “మున్నా, రా నాన్నా. నేను నీ టీచర్ని. నీ చెప్పులు ఇక్కడ పెడదామా?” అంతే. ఇందులో ఒక పేరు ఉంది, ఒక పరిచయం ఉంది, చేతులకు ఒక చిన్న పని ఉంది. భయపడిన పిల్లకు ప్రశ్న కంటే పని తేలిక. “నీ పేరేంటి? మీ నాన్న ఏం చేస్తాడు? పద్యం వచ్చా?” అని వరసగా అడిగితే పిల్లకు అది పరీక్షలా ఉంటుంది. చెప్పులు వరసలో పెట్టడం, సంచి మేకుకు తగిలించడం ఎవరైనా చేయగలరు. చేయగానే బడిలో ఒక పని సరిగ్గా చేశామన్న ధైర్యం వస్తుంది.

సలాం చేయాలా, నమస్తే చెప్పాలా అన్నది కొందరు టీచర్లకు వచ్చే సందేహం. టోపీ పెట్టుకున్న పిల్లాడికి మాత్రం సలాం, మిగతావాళ్ళకు నమస్తే అంటే ఆ ఒక్కడినీ పక్కకు తీసి నిలబెట్టినట్టు అవుతుంది. దీనికి తేలికైన దారి ఎంపిక పిల్లలకే వదిలేయడం. గుమ్మం పక్కన గోడకు మూడు బొమ్మలు అంటించవచ్చు: జోడించిన చేతులు, నుదుటి దగ్గరకు ఎత్తిన చేయి, చప్పట్లకు చాచిన అరచేయి. పిల్ల ఏ బొమ్మ మీద వేలు పెడితే టీచర్ అలాగే పలకరిస్తుంది. రెండు మూడు రోజుల్లో ఖాజా నమస్తే పెడతాడు, సాయి సలాం చేస్తాడు, అందరూ చప్పట్లకు ఎగబడతారు. ఎవరూ ఎవరికీ నేర్పకుండానే అది ఆటగా మారుతుంది. ముట్టుకుంటే ముడుచుకుపోయే పిల్లలూ ఉంటారు. వాళ్ళ బుగ్గలు గిల్లడం, బలవంతంగా ఎత్తుకోవడం వద్దు.

గుమ్మం పలకరింపు మీద 2007లో అమెరికాలో ఆల్డే, పకురార్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. టీచర్ తలుపు దగ్గర విద్యార్థిని పేరు పెట్టి పిలిచి ఒక మంచి మాట అని లోపలికి పంపితే, తరగతి మొదటి పది నిమిషాల్లో ఆ విద్యార్థి పని మీద ధ్యాస పెట్టిన సమయం సగటున 45 శాతం నుంచి 72 శాతానికి పెరిగింది. అయితే వాళ్ళు చూసింది ముగ్గురినే, అదీ పెద్ద తరగతుల పిల్లల్ని. కాబట్టి ఈ అంకెను మన ఒకటో తరగతికి అలాగే అంటగట్టలేం. కానీ గమనించాల్సిన సంగతి ఒకటుంది. అందులో చాక్లెట్ లేదు, బహుమతి లేదు. ఒక పేరు, ఒక మాట మాత్రమే ఉన్నాయి.

రిజిస్టర్ పేరును ఎలా పరిచయం చేయాలి

ఇంట్లో పిలిచే పేరు దగ్గరే ఆగిపోతే కుదరదు. పిల్లకు తన పూర్తి పేరు తెలియాలి, ఆ పేరుతో పిలిస్తే పలకాలి. అందుకని మొదటి రోజు హాజరును పరిచయం ఆటగా మార్చవచ్చు. ‘హాజరు’ అన్న మాటే ఉర్దూ నుంచి మన బడిలోకి వచ్చింది, ఇప్పుడు అది అందరిదీ.

పిల్లలందరూ గుండ్రంగా కూర్చుంటారు. టీచర్ ముందు తన సంగతి చెబుతుంది. “బళ్ళో నన్ను టీచర్ అంటారు. మా ఇంట్లో నన్ను బుజ్జి అంటారు.” పిల్లలు పకపకా నవ్వుతారు. టీచర్‌కి కూడా రెండు పేర్లు ఉన్నాయన్నమాట. ఇక ఆ నవ్వు చల్లారకముందే, “మన మున్నాకి కూడా రెండు పేర్లు. ఇంట్లో మున్నా. బళ్ళో అబ్దుల్ రహీమ్. అబ్దుల్ రహీమ్ ఎక్కడున్నాడు?” అంటుంది. మున్నా చేయి ఎత్తుతాడు. అలా ఇరవై మందికీ. మొదటి వారం రెండు పేర్లూ కలిపి, తర్వాత మెల్లగా రిజిస్టర్ పేరు ఎక్కువగా. పదిహేను రోజుల్లో ఏ పేరుతో పిలిచినా పలుకుతారు.

పేరు పలకడంలోనూ కొంచెం శ్రద్ధ కావాలి. తెలుగు లిపిలో రాస్తే కొన్ని ఉర్దూ ధ్వనులు కలిసిపోతాయి. జరీనా, రజియా, అజీజ్ లాంటి పేర్లలోని ‘జ’ను ‘జీవి’లో ‘జ’లా పలకరు. ‘జడ’లో, ‘జల్లెడ’లో ఉండే ‘జ’ దానికి కాస్త దగ్గర. ఫాతిమాను ‘పాతిమా’ అనకుండా ఉంటే చాలు. అనుమానం ఉంటే గేటు దగ్గర అమ్మ చేత ఒకసారి పలికించుకుని వినాలి. పేరు తప్పు పలికితే పిల్ల సరిదిద్దదు, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో చెప్పి పంపుతారు. ఆ తప్పు పేరే ఐదేళ్ళూ ఉండిపోతుంది, ఒక్కోసారి సర్టిఫికెట్ల దాకా వెళుతుంది.

ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఇంకో చిక్కు. ఖాజాలు ఇద్దరుంటే మనకు వెంటనే తోచేది ‘పెద్ద ఖాజా, చిన్న ఖాజా’, లేదా ‘నల్ల ఖాజా, లావు ఖాజా’. ఇలాంటివి టీచర్ నోట ఒక్కసారి వస్తే చాలు, ఊరంతా అదే పేరు అయిపోతుంది. దానికి బదులు పేరులోని రెండో మాటను వాడుకోవచ్చు: ఖాజా మొహిద్దీన్, ఖాజా వలి. సాయిలకూ అదే పద్ధతి.

ఆరు మాటలు వస్తే చాలు

ఉర్దూ రాని టీచర్ ఏం చేయాలి? ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022లో చట్టం సవరించింది. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా బోధన వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో ఉండాలనీ, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలనీ చెబుతుంది. చట్టాలు ఉన్నాయి. కానీ తెలుగు మీడియం తరగతిలో ఉర్దూ మాట్లాడే ఇద్దరు పిల్లలున్న ఆ ఉదయం, ఆ టీచర్‌కు కావాల్సింది ఆరు మాటలు: ఆవో, బైఠో, పానీ, ఖానా, పేషాబ్, అమ్మీ. రా, కూర్చో, నీళ్ళు, అన్నం, ఒంటేలు, అమ్మ. మొదటి రోజు పిల్ల అవసరాలన్నీ దాదాపు ఈ ఆరింటిలోనే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒంటేలు మాట. తెలుగు పిల్లలు చిటికెన వేలు చూపించి “టీచర్, ఒంటికి” అంటారు. ఆ సైగ తెలియని పిల్ల, ఆ మాట రాని పిల్ల అడగలేక కూర్చున్న చోటే తడుపుకుంటుంది. మొదటి రోజు జరిగే అన్ని ప్రమాదాల్లోకీ పిల్ల ఎక్కువ కాలం గుర్తుపెట్టుకునేది అదే. అందుకని పలకరింపు అయిన వెంటనే, పాటలకూ కథలకూ ముందే, అందరినీ వరుసగా తీసుకెళ్ళి మరుగుదొడ్డి ఎక్కడుందో, కుళాయి ఎక్కడుందో చూపించాలి. చిటికెన వేలు సైగను అందరి చేతా చేయించాలి. మాట వచ్చినా రాకపోయినా వేలు అందరికీ ఉంది. అడిగినప్పుడు “ఇప్పుడే కదా వెళ్ళొచ్చావు” అనకుండా పంపాలి. మొదటి వారం కొందరు ఊరికే కూడా అడుగుతారు. నిజంగా పంపుతారో లేదో వాళ్ళు పరీక్షించుకుంటున్నారు, అంతే.

ఉర్దూ మాటలు టీచర్ నోట వింతగా పలికితే పిల్లలు నవ్వవచ్చు. ఎవరిని చూసి నవ్వుతున్నారో గమనించాలి. టీచర్‌ని చూసి నవ్వితే ఇబ్బంది లేదు. ఉర్దూ మాట్లాడే పిల్లను చూసి నవ్వితే అక్కడే మార్చాలి. “నీళ్ళని ఉర్దూలో ఏమంటారో రజియాకి తెలుసు. మనకి నేర్పుతుంది” అని ఆ పిల్లను నేర్పే మనిషిగా నిలబెడితే సరి. ‘పానీ’ అని ఇరవై మందీ అరిచాక ఆ మాట ఇక ఒక్కరిది కాదు. ఆ పిల్ల చెప్పడానికి ఇష్టపడకపోతే మాత్రం బలవంతం చేయకూడదు, టీచరే ఆ మాట చెప్పి ముందుకు సాగాలి.

అనుకున్నట్టు జరగకపోతే

ఎంత బాగా సిద్ధమైనా మొదటి రోజు చెడిపోవచ్చు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలల బడి నడిపిన గిజుభాయి బధేకా రాసిన ‘దివాస్వప్న’లో ఇలాంటి రోజే ఉంది. కొత్త పద్ధతులతో పాఠం చెప్పాలని ఉత్సాహంగా వచ్చిన మాస్టారు మొదటి రోజు నిశ్శబ్దం ఆటతో మొదలుపెడతాడు. పిల్లలు నిశ్శబ్దంగా ఉండరు సరికదా, గోల చేసి ఆటనే తలకిందులు చేస్తారు. ఆయన కోప్పడడు. తన పథకమే తప్పని ఒప్పుకుని ఆ రోజుకు వదిలేస్తాడు. మర్నాడు కథతో వస్తాడు, పిల్లలు చుట్టూ చేరతారు. కొత్త మనిషిని ఇంకా నమ్మని పిల్లల్ని మొదటి నిమిషంలోనే ‘నోటి మీద వేలు’ అంటే ఏమవుతుందో అందులో చూడవచ్చు.

ఏడుపు ఆగని పిల్ల ఒకరిద్దరు ఉంటారు. ‘ఏడిస్తే సూది వేయిస్తా’, ‘పోలీసులు వస్తారు’ లాంటి మాటలు నోరు మూయిస్తాయి, భయాన్ని పెంచుతాయి. మానసికంగా వేధించడాన్ని కూడా విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. గుంపుగా చుట్టూ చేరి ఓదార్చినా పిల్ల బెదిరిపోతుంది. టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని, డస్టరో సుద్దముక్కల డబ్బానో చేతికిచ్చి, మిగతా తరగతిని నడుపుకుంటూ పోతే చాలామంది కాసేపట్లో తమంతట తామే చూడటం మొదలుపెడతారు.

ఏడవని, మాట్లాడని పిల్ల గురించి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంటి మాట వేరైన పిల్లలు కొత్త భాష వింటూ రోజులు, వారాలు మౌనంగా ఉండటం మామూలే. చూపు, సైగలు చూసి తేడా పట్టవచ్చు. పక్కవాళ్ళు లేస్తే లేస్తోందా? పాటకు చేతులు ఊపుతోందా? టీచర్ ముఖం చూస్తోందా? అయితే నేర్చుకుంటోంది, ఆగితే చాలు. అలా కాకుండా వెనక నుంచి ఇంట్లో పిలిచే పేరుతో పిలిచినా, ఇంటి భాషలో పిలిచినా తిరిగి చూడకపోతే చెవి పరీక్ష చేయించమని పెద్దలకు చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. వాళ్ళు వచ్చినప్పుడు ఆ పిల్లను మర్చిపోకుండా చూపించాలి. ఇంట్లో పిలిచే పేరు, ఇంటి భాష ముందే తెలిసి ఉండటం ఇక్కడ మళ్ళీ అక్కరకు వస్తుంది. అవి తెలియకపోతే పేరు తెలియక పలకని పిల్లనూ, వినపడక పలకని పిల్లనూ వేరు చేయలేం.

ఒకే టీచర్ ఉన్న బళ్ళలో ఈ పనికి పెద్ద అడ్డంకి సమయం. ఐదు తరగతులు, రిజిస్టర్లు, ఫోన్‌లో హాజరు, పుస్తకాలూ కిట్ల పంపిణీ, అన్నీ ఆ ఉదయమే మీద పడతాయి. అలాంటి చోట ఒకటో తరగతి తల్లిదండ్రులను అరగంట ముందే రమ్మని కబురు పెట్టడం ఒక ఉపాయం. పెద్ద పిల్లలు వచ్చేసరికి చిన్నపిల్లల పలకరింపు అయిపోతుంది. అదీ కుదరకపోతే కిట్ల పంపిణీని మధ్యాహ్నానికి వాయిదా వేయవచ్చు. గుమ్మం దగ్గర పలకరింపు మధ్యాహ్నం చేస్తే కుదరదు.

సాయంత్రం, మర్నాడు

మొదటి రోజు పలకరింపు సాయంత్రం గంటతో పూర్తవుతుంది. పొద్దున లాగే గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుతో పంపించాలి. “మున్నా, రేపు వస్తావుగా? నీ మేకు నీకే ఉంటుంది.” రేపటికి ఒక చిన్న కారణం ఇచ్చి పంపితే పిల్ల దాన్ని ఇంటికి మోసుకెళుతుంది. తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మతో ఫిర్యాదు కాకుండా ఒక మంచి సంగతి చెప్పాలి. “అక్కా, చెప్పులు తనే వరసలో పెట్టాడు” అంటే చాలు. పిల్ల ముందే చెప్పాలి, అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ అమ్మకు తెలుగు అంతగా రాకపోతే పక్కనున్న వాళ్ళ చేత చెప్పించాలి. పిల్లనే దుబాసీని చేస్తే తన సంగతి తానే చెప్పలేక సిగ్గుపడుతుంది.

పలకరింపు పనిచేసిందో లేదో రెండో రోజు పొద్దున తెలుస్తుంది. గుమ్మం తనంతట తానే దాటిందా? చెప్పులు పెట్టే చోటు గుర్తుందా? నీళ్ళకో ఒంటేలుకో నోటితోనో వేలితోనో అడిగిందా? పక్క పిల్లను పేరుతో పిలిచిందా? ఈ నాలుగింటినీ ఆ తెల్ల కాగితం మీద పేర్ల పక్కన చిన్న గుర్తులుగా పెట్టుకోవచ్చు. ఏ గుర్తూ లేని పేర్లు రెండో మూడో మిగులుతాయి. ఎక్కువ పలకరింపు కావాల్సింది వాళ్ళకే. వాళ్ళ దగ్గర మళ్ళీ మొదటి రోజు లాగే మొదలుపెట్టాలి.

తల్లిదండ్రులు చేయగలిగింది కూడా ఒకటుంది. బడికి పంపే ముందు వారం రోజుల పాటు, ముద్దుపేరుతో పాటు రిజిస్టర్‌లో రాయించిన పూర్తి పేరుతోనూ పిల్లను పిలవండి. అన్నం పెట్టేటప్పుడు ఒకసారి, పడుకోబెట్టేటప్పుడు ఒకసారి. “అబ్దుల్ రహీమ్ ఎవరు?” అని అడిగితే “నేనే” అనాలి. జూన్ 12 ఉదయం గేటు దగ్గర టీచర్ అడగకపోయినా మీరే చెప్పండి: “టీచరమ్మా, వీణ్ణి ఇంట్లో మున్నా అంటాం. మేం ఉర్దూ మాట్లాడతాం. నీళ్ళు కావాలంటే పానీ అంటాడు.” చేలోకి వెళ్ళే తొందరలో ఉన్నా ఈ మూడు ముక్కలు చెప్పడానికి అర నిమిషం చాలు.